ఒక మాట చెవిన వేయండి

మా ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే విభాగానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆవిడ ఒత్తులక్క. ఎవరు ఏ కాగితం రాసుకెళ్లినా ముందు విషయం చదవదు, ఒత్తులు చూస్తుంది. ఒక మేనేజరు "విజ్ఞప్తి"కి బదులు "విగ్నప్తి" అని రాసి పంపితే, "తమ కాగితానికి ఏదో విఘ్నం వచ్చినట్టుంది, సరిచూసుకోగలరు" అని రాసి తిప్పి పంపింది. ఆయన ఇప్పటికీ లిఫ్టులో ఆవిడ ఉంటే మెట్లెక్కి పోతాడు.

మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే కంపెనీ. పక్కదుప్పట్లు, గౌన్లు, ఆపరేషను గదుల్లో వాడే ఆకుపచ్చ గుడ్డలు, అన్నీ మూటలుగా వస్తాయి. భవనానికి నడుమ ఒక గోడ. గోడలోనే ఉతికే యంత్రాలు బిగించి ఉంటాయి. ఇటువైపు మురికి బట్టలు వేస్తారు, అటువైపు శుభ్రమైనవి తీస్తారు. ఇటువాళ్లు అటు వెళ్లకూడదు. పైఅంతస్తులో మేం కూర్చుంటాం. కింద ఆరబెట్టే యంత్రాలు తిరుగుతుంటే మా బల్లల మీద టీ గ్లాసులు సన్నగా వణుకుతుంటాయి. ఒత్తులక్క కంపెనీ లోపల తిరిగే కాగితాలన్నీ రాస్తుంది. నేను పక్క బల్లమీద కూర్చుని వాటికి బొమ్మలు, రంగులు అతికిస్తాను. ఆవిడ మాట ఎంత పొట్టిగా ఉంటే నాకంత సుఖం. కాబట్టి మా ఇద్దరికీ పడుతుంది.

ఆవిడ పనిలో సగం, ఒకే సంగతిని రెండు గొంతులతో చెప్పడం. పై గదిలో కూర్చునే పెద్దలకు ఒక కాగితం, కింద కొత్తగా చేరినవాళ్లకు ఇంకొకటి. పెద్దలకు ఎవరిది బాధ్యత, ఎంత ఖర్చు, ఏం నిర్ణయించాలి అన్నది కావాలి. కొత్తవాళ్లకు నేనేం చెయ్యాలి, ఎవరిని అడగాలి, చేశాక నా గతేమిటి అన్నది కావాలి. "వంట ఒకటే తమ్ముడూ, వడ్డన వేరు" అనేది నాతో. రాయడం మొదలుపెట్టే ముందు పెద్దల కాగితంలో మార్చకూడని మాటల కింద ఎర్ర పెన్సిలుతో గీత పెట్టుకునేది. ఆ మాటల చుట్టూ ఏం మార్చినా ఫరవాలేదు గాని వాటి బరువు మాత్రం తగ్గకూడదు.

ఈ విద్య ఆవిడకు ఇంట్లోనే అబ్బింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నకూ అన్నకూ మాటల్లేవు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఈ పిల్ల చేత కబుర్లు పంపుకునేవారు. ఒకరోజు తండ్రి, "పదింటికల్లా ఇంట్లో లేకపోతే తలుపు తియ్యనని వాడితో చెప్పు" అన్నాడట. ఈవిడ వెళ్లి, "అన్నయ్యా, నాన్న నీకోసం ఎదురుచూస్తున్నారు, కాస్త త్వరగా రావూ" అని చెప్పింది. అన్న మురిసిపోయి తన వీలు చూసుకుని వచ్చాడు. అప్పటికి తలుపు వేసి ఉంది. వానలో అరుగు మీద పడుకుని మర్నాడు తుమ్ముతూ లేచాడు. ఆ రోజు వాళ్లమ్మ ఒక మాట అందట: "తీపి కలుపు తల్లీ, నీళ్లు కలపకు." ఈ కథ ఒత్తులక్క కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరుకూ చెప్పింది. నాకు మాత్రం ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

అలాంటి మనిషే నీళ్లు కలిపింది. అదీ నా కళ్లముందే.

ఆసుపత్రి మూటల్లో అప్పుడప్పుడు సూదులు వస్తాయి. రాకూడదు, కానీ వస్తాయి. ఎవరో నర్సు తొందరలో దుప్పటి మీద వదిలేస్తుంది, అది మడతల్లో దాక్కుని మా బల్లమీదికి వస్తుంది. దళసరి చేతి తొడుగులున్నా ఒక్కోసారి గుచ్చుకుంటుంది. ఆ సూది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళితే, అవసరాన్ని బట్టి జబ్బు రాకుండా మందు మొదలుపెడతారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మూడు రోజులు దాటితే ఇక ఆ మందు ఇవ్వరు. సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలన్న నియమాన్ని తిరగరాసి, పెద్దలు సంతకాలు పెట్టి గోడకు అంటించిన కాగితం ఇలా ఉంది:

"మలిన వస్త్రముల విభజన సమయమున సూది గాయము సంభవించిన యెడల సిబ్బంది తక్షణమే పర్యవేక్షకునికి తెలియజేయుట తప్పనిసరి. జాప్యము చేసిన వారిపై క్రమశిక్షణ చర్య తీసుకొనబడును."

దీన్ని కొత్తవాళ్లకు స్నేహంగా రాసివ్వమని అడిగింది మా సిబ్బంది విభాగం పెద్ద. ఆవిణ్ని మేం స్వాగతం మేడమ్ అంటాం. చేరినవాడి దగ్గర్నుంచి రాజీనామా ఇచ్చి వెళ్లేవాడి దాకా అందరినీ "మన కుటుంబం" అని పిలుస్తుంది. చెడ్డమనిషి కాదు. అంతకుముందు నెల ఇద్దరు కొత్తవాళ్లు మొదటి వారంలోనే గోడమీది నోటీసులు చూసి జడిసి మానేశారు. ఆ బెంగ ఆవిడకుంది.

ఒత్తులక్క మొదటిసారి రాసినది బాగానే ఉంది. "తక్షణమే", "తప్పనిసరి" రెంటి కిందా ఎర్ర గీత పెట్టుకుని, "గుచ్చుకున్న మరుక్షణం పని ఆపి సూపర్వైజరుకు చెప్పాలి" అని రాసింది. స్వాగతం మేడమ్ చదివి, ఇంకా భయపెడుతున్నట్టుందని తిప్పి పంపింది. రెండోసారి "మరుక్షణం" పోయి "వెంటనే" వచ్చింది. అదీ తిరిగొచ్చింది. మూడోసారికి ఎర్ర పెన్సిలు సొరుగులోనే ఉండిపోయింది. అప్పుడొచ్చిన కాగితం ఇది:

"మన కుటుంబంలోకి స్వాగతం. పనిలో ఎప్పుడైనా చిన్న సూది గుచ్చుకుంటే కంగారు పడకండి. కుళాయి కింద సబ్బుతో బాగా కడుక్కోండి. మీ సూపర్వైజరు గారికి ఒక మాట చెవిన వేయండి. మిగతాది మనం చూసుకుందాం."

"చెవిన వేయండి" అన్న మాట తట్టినందుకు ఆవిడ ఎంత పొంగిపోయిందో చెప్పలేను. తెలియజేయుట ఎక్కడ, చెవిన వేయడం ఎక్కడ, చూడు తమ్ముడూ, ఇంట్లో మనిషి మాట్లాడినట్టు లేదూ అంది. నాకూ నచ్చింది. క్రమశిక్షణ చర్య మాట అందులో లేకపోవడం మాకిద్దరికీ తప్పుగా తోచలేదు. స్నేహంగా రాయమన్నాక కొరడా సంగతి ఎందుకని వదిలేశాం. స్వాగతం మేడమ్ ఆనందపడి, పక్కన నవ్వుతున్న సూది బొమ్మ వెయ్యమంది. నవ్వే సూది ఏమిటని గొణుక్కుంటూనే వేశాను. జీతం పుచ్చుకునేవాడికి సూది నవ్వినా ఒకటే, ఏడ్చినా ఒకటే.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో ఈ మాటకు దిష్టి తగిలిందట. వాళ్ల అత్తగారికి చెముడు. భర్త గడియారాలు బాగుచేస్తాడు, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన అన్నం తింటూ, మన ఇంట్లో ఎవరి చెవిన ఏం వేసినా అది కిందే పడుతుంది కదే అన్నాడట. మర్నాడు ఆవిడ అది నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. అందులో ఉన్న నిజం మా ఇద్దరికీ తట్టలేదు.

అయితే ఒత్తులక్కకు ఇంకో అలవాటుంది. ఆ అలవాటే ఆ రోజు కాపాడింది. ఏ కాగితమైనా అచ్చుకు పంపే ముందు, ఎవరికోసం రాసిందో అలాంటి మనిషి చేత ఒకసారి చదివిస్తుంది. చదివాక అర్థమైందా అని అడగదు. అలా అడిగితే అందరూ అయిందనే అంటారు. ఇది చదివాక నువ్వేం చేస్తావో చెప్పు అని అడుగుతుంది.

ఆ ఉదయం టీ వేళ కింద విశ్రాంతి గదికి వెళ్లాం. మురికి బట్టల వైపు కొత్తగా చేరిన ఒక అమ్మాయి గోడవార కుర్చీలో కూర్చుని ఉంది. సన్నగా, కళ్లు గుంటలు పడి, నిద్రలేనట్టుంది. ఒత్తులక్క పక్కన కూర్చుని కాగితం ఇచ్చింది. అమ్మాయి పెదవులు కదుపుతూ చదివింది. చదువుతున్నకొద్దీ మొహం తేటపడింది. చివరికి వచ్చేసరికి చిన్నగా నవ్వింది కూడా. ఒత్తులక్క నావైపు గర్వంగా చూసింది.

"ఇప్పుడు చెప్పు. సూది గుచ్చుకుంటే ఏం చేస్తావు?"

"కడుక్కుంటానండీ. సాయంత్రం వెళ్లేటప్పుడు సారుకి ఒక మాట చెబుతాను. ఆయన ఫోన్లో ఉంటే మర్నాడు చెబుతాను." అమ్మాయి కాగితాన్ని జాగ్రత్తగా మడిచింది. "నిన్న నేనూ కడుక్కుని అలాగే ఆగాను మేడమ్. తప్పు చేశానేమోనని రాత్రంతా భయం వేసింది. ఇది చదివాక మనసు కుదుటపడింది."

ఒత్తులక్క మొహంలో రంగు పోవడం నేను చూశాను. చెయ్యి చూపించమంది. ఎడమ చేతి బొటనవేలి పక్కన చిన్న ఎర్రటి చుక్క. ముందురోజు మధ్యాహ్నం ఒక గౌను మడతలోంచి గుచ్చుకుందట. తొడుగు తీసి కడుక్కుందట. సారు గాజుగదిలో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతుంటే వెళ్లడానికి జంకి, సాయంత్రం చెబుదాంలే అనుకుందట. సాయంత్రానికి గోడమీది నోటీసు కంటబడింది.

"జాప్యం చేస్తే చర్య అని ఉంది కదండీ. అప్పటికే జాప్యం అయిపోయింది. చేరి మూడు వారాలే. పని పోతే ఇంట్లో ఏం చెప్పను? అందుకని ఊరుకున్నాను."

ఇలాంటప్పుడు మనలో ఎవరి నోటికైనా ముందు వచ్చే మాట కంగారు పడకు అన్నది. జ్వరమొచ్చినా, పరీక్ష పోయినా, బస్సు తప్పినా అదే అంటాం. ఒత్తులక్క నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. ఆ మాట అనలేదు. లేచి సంచి భుజాన వేసుకుంది.

"పద" అంది.

నన్ను సూపర్వైజరుకు చెప్పి, అచ్చు ఆపించమని పంపింది. మూటలు తెచ్చే వ్యానులోనే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. దారిలో ఆ అమ్మాయి పని పోతుందా అని అడిగిందట. నాకు తెలియదు, నేను మాట్లాడతాను, ముందు మందు పడనీ అని ఒత్తులక్క చెప్పిందట. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం ఆ పూట ఆవిడకు చాలా కష్టమైందని తరువాత నాతో అంది.

డాక్టరు ఇవాళే రావడం మంచిదైందన్నాడు. నిన్ననే వచ్చుంటే ఇంకా మంచిదన్నాడు. రక్తం తీసి, మొదటి మాత్ర అక్కడే మింగించి, నెల రోజులకు మందు రాశాడు. తరువాత కొన్ని పరీక్షలు, చివరిది మూడు నెలలకు.

తిరిగొచ్చాక ఒత్తులక్క తన బల్ల దగ్గర కూర్చుని మూడో కాగితాన్ని ఎదురుగా పెట్టుకుంది. చాలాసేపు ఏమీ రాయలేదు. టీ చల్లారిపోయింది. తరువాత, ఎర్ర పెన్సిలు తీసి "చిన్న" అన్న మాట కొట్టేసింది. "కంగారు పడకండి" కొట్టేసింది. "చెవిన వేయండి" దగ్గర ఆగి, పెన్సిలు ముక్కు విరిగేలా కొట్టేసింది. "ఈ పిల్ల ఇంకో రెండు రోజులు ఆగేది తమ్ముడూ. నేను రాసింది చదువుకుని హాయిగా ఆగేది" అంది. నవ్వే సూది బొమ్మ కంప్యూటర్లోంచి తీసి పారేశాను.

మర్నాడు పై గదిలో సమావేశం. జనరల్ మేనేజరు, స్వాగతం మేడమ్, ఇద్దరు సూపర్వైజర్లు, ఒత్తులక్క, కాగితాలు పట్టుకుని నేను. ఆ అమ్మాయి ఎవరో ఒత్తులక్క చెప్పలేదు, జరిగింది మాత్రం చెప్పింది. తన రాత వల్ల ఏం కాబోయిందో కూడా దాచకుండా చెప్పింది. స్వాగతం మేడమ్ కళ్లు తుడుచుకుని, నేనే మెత్తగా రాయమన్నాను, తప్పు నాది కూడా అంది. జనరల్ మేనేజరుకు అది త్వరగా తేలిపోయే వ్యవహారంలా కనిపించింది. కొత్తవాళ్ల కాగితం మళ్లీ గట్టిగా రాసెయ్యమన్నాడు.

ఒత్తులక్క కూర్చున్న చోటినుంచి లేవలేదు. గొంతూ పెంచలేదు.

"గట్టిగా రాస్తానండి. కానీ మీ కాగితంలో ఆలస్యమైతే చర్య అని ఉంది. అది అక్కడ ఉండగా ఇక్కడ నేను స్నేహంగా ఏం రాసినా అబద్ధమే. రాయకుండా వదిలేస్తే మోసం, రాస్తే ఆలస్యం చేసిన ప్రతివాడూ నోరు మూసుకుంటాడు. ఎలా రాయమంటారు?"

భయం లేకపోతే ఎవరూ చెప్పరని ఆయన అన్నాడు. ఆ అమ్మాయి భయంతోనే చెప్పలేదని ఈవిడ అంది. కింద యంత్రాల చప్పుడు, బల్లమీద గ్లాసుల వణుకు. సూపర్వైజర్లలో పెద్దవాడు, గాజుగదిలో ఫోను మాట్లాడింది ఆయనే, తలవంచుకుని ఆ లైను తీసేస్తేనే నయమండీ అన్నాడు. జనరల్ మేనేజరు ఆయన వంక చూసి, ఒత్తులక్క వంక చూసి, అయితే ఆ లైను కూడా మీరే రాయండి అన్నాడు.

అప్పుడు నాకో సంగతి బోధపడింది. ఇన్నేళ్లూ పెద్దల కాగితం కిందికి దిగి వచ్చి మెత్తబడటమే చూశాను. కింది కాగితం మెట్లెక్కి వెళ్లి పెద్దల కాగితాన్ని మార్చడం చూసింది అదే మొదటిసారి. ఆవిడ పెద్దల భాషలోనే, ఒత్తు పొల్లు పోకుండా రాసింది: "ఎంత ఆలస్యముగా తెలియజేసినను చర్య ఉండదు. తెలియజేసిన వారిని తక్షణమే వైద్యుని వద్దకు పంపుట పర్యవేక్షకుని బాధ్యత." గోడమీది పాత నోటీసు ఆ మధ్యాహ్నమే దిగిపోయింది.

కొత్తవాళ్ల కాగితం మాత్రం ఇంటికి పట్టుకెళ్లింది. అత్తగారికి అరిచి చదివి వినిపించిందట. ఒక్క అరుపులో అర్థం కాని వాక్యాన్నల్లా కొట్టేసిందట. పెద్దావిడ చివరికి, "అంటే గుచ్చుకుంటే పరిగెత్తి చెప్పాలి, తిట్టరు, అంతేగా" అందట. అంతే అత్తయ్యా అని ఈవిడ పెన్సిలు కింద పెట్టింది. మర్నాడు నా చేతికొచ్చింది:

"సూది గుచ్చుకుందా? పని ఆపండి. సబ్బుతో, కుళాయి నీళ్లతో కడగండి. పిండకండి, చప్పరించకండి. ఇప్పుడే చెప్పండి. సూపర్వైజరు ఫోన్లో ఉన్నా, ఎవరితో ఉన్నా, ఆపి చెప్పండి. ఆయనే మిమ్మల్ని డాక్టరు దగ్గరికి పంపుతారు. ఎవరూ తిట్టరు, పని పోదు. నిన్న గుచ్చుకున్నా సరే, ఇప్పుడే చెప్పండి."

చివరి వాక్యం ఎవరికోసమో నాకు తెలుసు. బొమ్మ ఏమీ పెట్టలేదు. చుట్టూ ఖాళీ వదిలాను.

ఆ అమ్మాయి నెల రోజులూ మందు మింగింది. వికారంతో సగం భోజనం వదిలేసేది. ఒత్తులక్క మధ్యాహ్నం కిందికి దిగి, ఎదురుగా కూర్చుని మిగతా సగం తినిపించి పైకి వచ్చేది. మూడు నెలల పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ కాగితం ఆవిడకు చూపించడానికి మెట్లెక్కి వచ్చింది ఆ పిల్ల. ఒత్తులక్క అలవాటు కొద్దీ ముందు ఒత్తులు చూసింది. ఆ తరువాత అసలు మాట చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. తుడిచింది జోడు ఒక్కటే కాదు.

కొత్త బ్యాచి చేరిన రోజున ఆ కాగితాన్ని ఆ అమ్మాయే చదివింది. కింద విశ్రాంతి గదిలో కొత్తవాళ్లు ముందు వరుసల్లో, టీ కోసం వచ్చిన పాతవాళ్లు వెనక గోడకు ఆనుకుని ఉన్నారు. అమ్మాయి గట్టిగా, అరిచినట్టే చదివింది. అయిపోయాక కొత్తవాళ్లు వెళ్లిపోయారు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకాయన కదల్లేదు. మురికి బట్టల బల్ల దగ్గర మా అందరికంటే పాత మనిషి, జుట్టు నెరిసినవాడు. పనిలో ఎవరు తడబడినా నవ్వుతూ ఆటపట్టిస్తాడు. చేతిలో గ్లాసు తిప్పుతూ ఒత్తులక్క దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఈ కాగితం కొత్తవాళ్లకేనా?"

ఎందుకు బాబాయ్ అని ఆవిడ అడిగింది. ఆయన కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కాసేపటికి ముందుకు తెచ్చాడు.

"నిన్న గుచ్చుకున్నా అని ఉంది కదా" అన్నాడు.

ఒత్తులక్క అప్పటికే సంచి భుజాన వేసుకుంది. "పదండి" అంది. వ్యాను ఆపడానికి ఆ అమ్మాయి వాళ్లకంటే ముందే పరిగెత్తింది.